అమ్మిన ఆప్షన్‌కి డెల్టా హెడ్జ్ ఎన్నిసార్లు సరిచేయాలి?

కాల్ ఆప్షన్ అమ్మారు, డెల్టా లెక్క ప్రకారం షేర్లు కొని హెడ్జ్ చేశారు. ధర కదిలింది, డెల్టా మారింది. ఇప్పుడే సరిచేయాలా, సాయంత్రం దాకా ఆగాలా, వారానికోసారి చూస్తే సరిపోతుందా? పాఠ్యపుస్తకం క్షణక్షణం సరిచేస్తూ ఉండమంటుంది. ఖర్చే లేని లోకంలో ఆ మాట చెల్లుతుంది. మన లోకంలో ప్రతి సవరణకూ స్ప్రెడ్, బ్రోకరేజీ, పన్నులు కట్టాలి.

ఇక్కడ ఒకే ఒక కేసు తీసుకుంటాను: ధరకు సమానమైన స్ట్రైక్‌తో ఒక కాల్ అమ్మి, ఎక్స్‌పైరీ దాకా ఉంచుకోవడం. దీన్ని చివరిదాకా లెక్కవేస్తే, మీ సొంత పొజిషన్‌కి సంఖ్యలు మార్చుకోవడం కష్టం కాదు.

మన ఉదాహరణ ఇదీ. షేరు ధర 1000, స్ట్రైక్ 1000, ఎక్స్‌పైరీకి మూడు నెలలు, అంటే 63 ట్రేడింగ్ రోజులు. వోలటాలిటీ 20 శాతం, వడ్డీ సున్నా అనుకుందాం. 10,000 షేర్లకు సరిపడా కాల్స్ అమ్మాం. బ్లాక్-షోల్స్ ప్రకారం ప్రీమియం షేరుకు 39.9 వస్తుంది. డెల్టా 0.52 కాబట్టి మొదటిరోజే 5,200 షేర్లు కొని పెట్టుకుంటాం.

మొదటి అడుగు: మీ అసలు ఖర్చు ఎంతో తేల్చుకోండి

బ్రోకరేజీ ఒక్కటే ఖర్చు కాదు. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు స్ప్రెడ్‌లో సగం పోతుంది. దానికి ఫీజులు, పన్నులు కలపండి. మీ ఆర్డర్ సైజుకే ధర కాస్త జరుగుతుంటే అదీ కలపండి. మొత్తాన్ని ఒకవైపు ట్రేడ్ విలువలో భాగంగా రాసుకోండి. దాన్ని k అందాం. మన ఉదాహరణలో k = 0.001. అంటే 1000 విలువైన షేరు ఒకటి కొన్నా అమ్మినా 1 ఖర్చు.

దీన్ని ఊహించి రాయకండి. పాత ట్రేడ్లు తీసి, ఆర్డర్ పెట్టిన క్షణంలో ఉన్న మధ్య ధరకూ మీకు దొరికిన ధరకూ తేడా చూడండి. అమ్మిన ఆప్షన్‌ని హెడ్జ్ చేసేవాడు ధర పెరిగాక కొంటాడు, తగ్గాక అమ్ముతాడు. ఎప్పుడూ మార్కెట్ పరుగెత్తే వైపే ట్రేడ్ చేస్తాడు కనుక, అతనికి పడే స్లిప్పేజ్ తెరమీద కనిపించే స్ప్రెడ్ కన్నా ఎక్కువే ఉంటుంది. అదే ఆస్తి మీద ఫ్యూచర్స్ ఉంటే వాటి k కూడా కొలిచి పోల్చండి. సవరణల సంఖ్య గురించి తల బద్దలు కొట్టుకునే ముందు k తగ్గించుకోవడమే ఎక్కువ లాభం.

రెండో అడుగు: రెండు అంకెలు వేయండి

ఎక్స్‌పైరీ దాకా సమాన వ్యవధుల్లో N సార్లు సరిచేస్తారనుకోండి. మొత్తం ఖర్చు సగటున ఎంత, చివరి లాభనష్టం ఎంత చెదురుతుంది అన్నవి ఈ రెండు సూత్రాలు చెబుతాయి. ధరకు సమానమైన స్ట్రైక్, సున్నా వడ్డీ అయినప్పుడు ఇవి బాగా పనిచేస్తాయి. వీటిలో S షేరు ధర, sigma ఏడాది వోలటాలిటీ, T ఎక్స్‌పైరీకి ఉన్న కాలం ఏళ్ళలో; మనకు 1000, 0.20, 0.25.

```
cost  = k * S * sqrt(N) / pi
error = S * sigma * sqrt(T) / (2.83 * sqrt(N))
```

రెండోదాన్ని 1999లో కమాల్, డెర్మన్ వేరే రూపంలో ఇచ్చారు: వేగాను వోలటాలిటీతో గుణించి, దాన్ని N వర్గమూలంతో భాగించి, 0.886తో గుణించమన్నారు. ధరకు సమానమైన స్ట్రైక్ దగ్గర అది పైనున్న సూత్రమే అవుతుంది. మొదటి సూత్రంలో తొలి 5,200 షేర్ల కొనుగోలు ఖర్చు, చివర విడిపించుకునే ఖర్చు లేవు. అవి మీరెన్నిసార్లు సరిచేసినా తప్పవు కనుక ఈ నిర్ణయంలో వాటికి చోటు లేదు.

ఖర్చు N వర్గమూలంతో పెరుగుతుంది, లోపం అదే వర్గమూలంతో తగ్గుతుంది. అంటే ట్రాకింగ్ ఎర్రర్‌ని సగానికి దించాలంటే నాలుగు రెట్లు సరిచేయాలి, ఖర్చు రెట్టింపవుతుంది. మన ఉదాహరణలో షేరుకు ఎంతెంత వస్తుందో చూడండి.

వారానికోసారి అయితే N 13, ఖర్చు 1.15, లోపం 9.8. రోజూ అయితే N 63, ఖర్చు 2.53, లోపం 4.5. రోజుకు ఆరుసార్లయితే N 378, ఖర్చు 6.19, లోపం 1.8.

ఈ లోపం స్టాండర్డ్ డీవియేషన్. అటైనా ఇటైనా పోవచ్చు, సగటు సున్నా. ఖర్చు మాత్రం ఒకే దిక్కుకు, మీ జేబులోంచే పోతుంది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో నేరుగా వేయలేం, అందుకే మూడో అడుగు కావాలి.

దానికి ముందు ఒక్క పరీక్ష చేయండి. మన ఆప్షన్ వేగా, వోలటాలిటీ ఒక పాయింట్ మారితే షేరుకు 2. మార్కెట్లో 21 శాతానికి అమ్మారు, నిజంగా 20 శాతమే కదులుతుందని మీ అంచనా అనుకోండి. మీ అసలు లాభం 2. రోజూ హెడ్జ్ చేస్తే ఖర్చు 2.53. ఇంకేముంది, మీ అంచనా అక్షరాలా నిజమైనా నష్టమే. హెడ్జింగ్ ఖర్చును వోలటాలిటీలో కలిపి ధర కట్టే పద్ధతిని లేలాండ్ 1985లోనే చూపించాడు. ఆ సూత్రంలో మన అంకెలు వేస్తే, రోజూ సరిచేసేవాడు కనీసం 21.2 శాతానికి అమ్మాలని వస్తుంది. అంతకన్నా తక్కువకు అమ్మి, ఆనక రోజూ శ్రద్ధగా హెడ్జ్ చేసుకోవడంలో అర్థం లేదు.

మూడో అడుగు: ఆ అనిశ్చితికి మీరు కట్టే ధర చెప్పండి

మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: లాభనష్టాల్లో 1 మేర చెదురు తగ్గడానికి కచ్చితంగా ఎంత వదులుకుంటారు? ఆ జవాబును L అందాం. ఉన్న మూలధనంలో ఈ పొజిషన్ చిన్నదైతే, పక్కన సంబంధం లేని ఆప్షన్లు చాలా ఉంటే, L చిన్నగా ఉండాలి; ఒకదాని చెదురును ఇంకొకటి కొంత కప్పేస్తుంది. ఇదొక్కటే పెద్ద పొజిషన్ అయి, మార్జిన్ పిలుపు వస్తే కూలిపోయేలా ఉంటే L పెద్దదే. ఇక్కడ మూడింట ఒకటి తీసుకుంటున్నాను. ఇది అభిరుచికి సంబంధించిన అంకె, సైన్స్ కాదు.

ఖర్చుకు L రెట్ల లోపాన్ని కలిపి, ఆ మొత్తం కనిష్ఠమయ్యే చోటు వెతికితే సూత్రం చాలా చిన్నగా వస్తుంది.

```
N = 1.11 * L * sigma * sqrt(T) / k
```

మన అంకెలు వేస్తే N = 37. అంటే 63 రోజుల్లో 37 సార్లు, సుమారు 1.7 రోజులకోసారి. అప్పుడు ఖర్చు 1.94, లోపం 5.81. లోపంలో మూడోవంతు 1.94 అవుతుంది గమనించారా? కనిష్ఠ స్థానంలో ఎప్పుడూ అంతే: ఖర్చు, L రెట్ల లోపం సమానమవుతాయి. మీరిప్పటికే ఏదో అలవాటు చొప్పున హెడ్జ్ చేస్తుంటే, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఖర్చు ఎక్కువగా ఉంటే మరీ తరచుగా సరిచేస్తున్నారు. తక్కువగా ఉంటే బద్ధకిస్తున్నారు.

ఈ 37 అన్న అంకె చుట్టూ గోతి చాలా చదునుగా ఉంటుంది. 18 సార్లే సరిచేసినా, 74 సార్లు సరిచేసినా మొత్తం భారం 6 శాతమే పెరుగుతుంది. నాలుగు రెట్లు తప్పితే 25 శాతం. అందుకని 37 సరైనదా 42 సరైనదా అని గంటలు గడపకండి. ఇది వారానికోసారి చేసే పనా, రోజూ చేసేదా, గంటకోసారి చేసేదా అన్నది తేలితే చాలు. k మాత్రం జాగ్రత్తగా కొలవండి. అదే పొజిషన్‌ని ఫ్యూచర్స్‌తో 0.0002 ఖర్చులో హెడ్జ్ చేయగలిగితే N ఐదు రెట్లు పెరిగి 185 అవుతుంది, రోజుకు మూడుసార్ల లెక్క. అయినా మొత్తం ఖర్చు 0.87కి దిగుతుంది.

నాలుగో అడుగు: గడియారం వదిలి బ్యాండ్ పెట్టుకోండి

1.7 రోజులకోసారి అని క్యాలెండర్‌లో రాసుకోవడం ఆరంభానికి బాగానే ఉంటుంది కానీ దానికో లోటుంది. ధర అక్కడే ఉన్న రోజున కూడా చిల్లర ట్రేడ్ చేయిస్తుంది. ధర ఎగిరిన రోజున వంతు రాలేదని ఆపుతుంది. మీరు మోసే ప్రమాదం గడిచిన కాలాన్ని బట్టి కాదు, డెల్టా ఎంత పక్కకు పోయింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఆ పక్కకు పోవడానికే హద్దు పెట్టండి.

N నుంచి బ్యాండ్‌కి ఇలా వెళ్ళండి. 1.7 రోజుల్లో ధర మామూలుగా ఎంత కదులుతుంది? రోజుకు 12.6 చొప్పున, 1.7 వర్గమూలంతో గుణిస్తే 16.4. మన ఆప్షన్ గామా 0.004, అంటే ధర 1 కదిలితే డెల్టా 0.004 మారుతుంది. 16.4 కదిలితే 0.065. అదే మీ బ్యాండ్: ఉండాల్సిన డెల్టాకీ మీ దగ్గరున్న డెల్టాకీ తేడా 0.065 దాటేదాకా చేతులు కట్టుకు కూర్చోండి. 10,000 షేర్ల పొజిషన్‌లో అది 650 షేర్లు.

దాటినప్పుడు ఎంత ట్రేడ్ చేయాలి? చాలామంది తేడా మొత్తం సరిచేసి మధ్యకు వస్తారు. ఖర్చు ట్రేడ్ విలువకు అనుపాతంలో ఉన్నప్పుడు అది దుబారా. బ్యాండ్ అంచు దాకా వస్తే చాలు. ఒక్కో ఆర్డర్‌కి స్థిరమైన ఫీజు ఎక్కువగా ఉంటేనో, లాట్ సైజు పెద్దదైతేనో ఇంకాస్త లోపలికి రండి.

నాలుగు రోజులు లెక్కవేసి చూద్దాం. రోజుకోసారి, ముగింపు ధర దగ్గర చూస్తున్నామనుకోండి.

మొదటిరోజు ధర 1000, మన దగ్గర 5,200 షేర్లు. రెండోరోజు ధర 1009, ఉండాల్సినవి 5,556. తేడా 356, బ్యాండ్ లోపలే ఉంది, ఏమీ చేయం. మూడోరోజు ధర 1021, ఉండాల్సినవి 6,027. తేడా 827, బ్యాండ్ దాటింది. గామా కొంచెం తగ్గింది కనుక బ్యాండ్ ఇప్పుడు సుమారు 640. 6,027 నుంచి 640 తీసేస్తే 5,387. అంటే 187 షేర్లు కొంటాం, ఖర్చు 191. నాలుగోరోజు ధర 1006కి జారింది, ఉండాల్సినవి 5,438. తేడా 51 షేర్లే, మళ్ళీ ఏమీ చేయం.

ఇదే నాలుగు రోజులు రోజూ పూర్తిగా సరిచేసేవాడు 356 కొని, మర్నాడు 471 కొని, ఆ తర్వాతి రోజు 589 అమ్మాడు. అతని ఖర్చు 1,433.

లాభనష్టం చూస్తే మన బ్యాండ్ పద్ధతి ఇంకా ఎంతో ముందుంది. షేర్ల మీద మనకు 28,395 వస్తే అతనికి 23,067 వచ్చింది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఈ 5,328 తేడా బ్యాండ్ గొప్పతనం కాదు, అదృష్టం. ధర వెనక్కి వచ్చింది కాబట్టి తక్కువ షేర్లు ఉంచుకున్నవాడు గెలిచాడు. నాలుగోరోజు ధర 1006 బదులు 1036 అయ్యుంటే, ఆ 640 షేర్ల లోటు మీద 9,600, అంతకుముందు రోజు లోటు మీద 4,272, మొత్తం 13,872 మనం వెనకబడేవాళ్ళం. నిజంగా మనం సంపాదించింది ఖర్చుల్లో మిగిలిన 1,242 మాత్రమే. మిగతాదంతా ట్రాకింగ్ ఎర్రర్, ఈసారి మనవైపు పడింది. ఈ రెండింటినీ వేర్వేరు గడుల్లో రాసుకోకపోతే, ఒక మంచి నెల తర్వాత బ్యాండ్‌ని ఇంకా వెడల్పు చేయాలనిపిస్తుంది, ఒక చెడ్డ నెల తర్వాత గంటకోసారి హెడ్జ్ చేయాలనిపిస్తుంది. రెండూ తప్పే.

రోజంతా తెర ముందు కూర్చోనక్కర్లేకుండా, బ్యాండ్‌ని ధరల్లోకి మార్చుకుని అలర్ట్ పెట్టుకోండి. మొదటిరోజు మన హద్దులు సుమారు 984, 1016. సవరణ చేసిన ప్రతిసారీ కొత్త హద్దులు వేసుకోండి.

ఐదో అడుగు: గామా మారితే బ్యాండ్ కూడా మార్చండి

0.065 అన్నది ఎక్స్‌పైరీ దాకా పనికొచ్చే అంకె కాదు. ఎక్స్‌పైరీ దగ్గరపడి, ధర స్ట్రైక్ దగ్గరే తిరుగుతుంటే గామా ఉబ్బిపోతుంది. వాలీ, విల్మాట్ 1997లో తేల్చిన ప్రకారం, ఖర్చు చిన్నదైనప్పుడు డెల్టా బ్యాండ్ వెడల్పు గామా వర్గానికి ఘనమూలంగా మారాలి. కింద H0, gamma0 అంటే మొదటిరోజు బ్యాండ్, గామా; మనకు 0.065, 0.004.

```
H = H0 * (gamma / gamma0) ** (2/3)
```

దీని ఫలితం చూస్తే మొదట వింతగా ఉంటుంది. ఎక్స్‌పైరీకి ఒక్కరోజు ఉంది, ధర సరిగ్గా స్ట్రైక్ మీద ఉంది. మిగిలిన కాలం 63వ వంతు కనుక గామా సుమారు 8 రెట్లయి 0.032 అవుతుంది. బ్యాండ్ నాలుగు రెట్లయి 0.26కి వెళ్తుంది. అంటే ఉండాల్సిన డెల్టా 0.5 అయితే, మీ దగ్గర 0.24 ఉన్నా 0.76 ఉన్నా కదలక్కర్లేదు! ధరలో చూస్తే మాత్రం బ్యాండ్ 16.4 నుంచి 8.2కి ఇరుకైంది. అంటే ఆ రోజున చిన్న కదలికకే స్పందిస్తారు, కానీ ఆ కదలికకు డెల్టా ఎంత ఊగినా కొంత ఊగనిస్తారు. చివరిరోజు డెల్టా వెంట పరుగెత్తేవాళ్ళు ఖర్చుల్లో మునిగేది ఇది పాటించకే: ధర 1004కి పోతే 1,300 షేర్లు కొంటారు, 996కి వస్తే 2,500 అమ్ముతారు, మధ్యాహ్నానికల్లా ప్రీమియంలో మిగిలింది స్ప్రెడ్‌కి పోతుంది.

ఈ సూత్రాన్ని ఆఖరి గంట దాకా లాగకండి. గామా అంతులేకుండా పెరిగినప్పుడు H కూడా 0.5 దాటి అర్థం లేనిదవుతుంది. నేనైతే 0.25 దగ్గర ఆపేస్తాను. ఆ పరిస్థితి వచ్చే ముందే ఆప్షన్‌ని తిరిగి కొనేయడానికి ఎంతవుతుందో చూస్తాను. మిగిలిన హెడ్జింగ్ ఖర్చు కన్నా అది చవగ్గా దొరికే సందర్భాలు తక్కువేం కాదు. ధర స్ట్రైక్‌కి దూరంగా పోయి గామా ఎనిమిదో వంతైతే బ్యాండ్ నాలుగో వంతవుతుంది. అక్కడ లాట్ సైజే మీ కనీస బ్యాండ్ అనుకోవచ్చు.

ఒకే ఆస్తి మీద ఆప్షన్లు చాలా ఉంటే ఇదంతా విడివిడిగా చేయకండి. ముందు డెల్టాలు, గామాలు కూడి, మిగిలిన నికర గామా మీదే బ్యాండ్ వేయండి. కొన్న ఆప్షన్ల గామా అమ్మినవాటిని కొంత కొట్టేస్తుంది, ఆ మేరకు ట్రేడ్లు వాటంతటవే తగ్గుతాయి.

ఆరో అడుగు: తేడా వస్తే నింద సవరణల సంఖ్య మీద వేసే ముందు

37 సార్లకు లోపం షేరుకు 5.8 అనుకున్నాం. ఎక్స్‌పైరీలో లెక్క చూసుకుంటే నష్టం 15 ఉందనుకోండి. అది అనుకున్న చెదురుకు రెండున్నర రెట్లు. సాధారణంగా ఇంత తేడా అరుదుగా హెడ్జ్ చేయడం వల్ల రాదు. రెండు చోట్ల వెతకండి.

ఒకటి వోలటాలిటీ. రోజువారీ కదలికల నుంచి నిజంగా జరిగిన వోలటాలిటీ లెక్కకట్టండి. 20 అనుకున్నది 24 అయ్యుంటే, నాలుగు పాయింట్లకు సుమారు 8 పోయినట్టే. ఇది N పెంచితే తగ్గే రకం కాదు. అసలు మీ వోలటాలిటీ అంచనాలోనే రెండు పాయింట్ల అనిశ్చితి ఉంటే, ఎంత తరచుగా సరిచేసినా 4 మేర చెదురు మిగిలే ఉంటుంది. ఆ 4ని కూడా కలిపి చూస్తే రోజూ సరిచేసేవాడి మొత్తం చెదురు 6.0, రోజుకు ఆరుసార్లు సరిచేసేవాడిది 4.4. అంటే 1.6 తగ్గించుకోవడానికి అదనంగా 3.66 ఖర్చు పెట్టాడు. వోలటాలిటీ అంచనా మీద నమ్మకం ఎంత తక్కువైతే, తరచుగా హెడ్జ్ చేయడానికి కారణం అంత తక్కువ. డెల్టా లెక్కలో వాడిన వోలటాలిటీ కూడా తప్పే కనుక, ఆ డెల్టాని మూడో దశాంశం దాకా వెంటాడటం మరీ అనవసరం.

రెండోది గ్యాప్. ధర రాత్రికి రాత్రి 6 శాతం దూకి తెరుచుకుంటే, గామా సగాన్ని 60 వర్గంతో గుణించండి: 0.002 సార్లు 3600, షేరుకు దాదాపు 7 ఒక్క దెబ్బకే పోతుంది. మధ్యలో ట్రేడ్ చేసే అవకాశమే లేదు కాబట్టి మీ బ్యాండ్ 0.065 అయినా 0.01 అయినా ఆ దెబ్బ తప్పదు. గ్యాప్ తర్వాత మాత్రం ఆలోచించకుండా బ్యాండ్ అంచుకు రండి. ధర వెనక్కి వస్తుందేమో చూద్దామని ఆగితే అది హెడ్జింగ్ కాదు, దిశ మీద పందెం. ఫలితాలో, పెద్ద ప్రకటనో రాబోతోందని ముందే తెలిస్తే, సవరణలు పెంచే బదులు ఇంకాస్త దూరపు స్ట్రైక్‌లో కొన్ని ఆప్షన్లు కొని గామా తగ్గించుకోండి. దానికయ్యే ప్రీమియంని, మీరు 21 శాతం వోలటాలిటీకి అమ్మి సంపాదించిన ఆ 2లోంచి తీసి చూస్తే, పొజిషన్ ఉంచుకోవాలో వదిలించుకోవాలో అక్కడే తెలిసిపోతుంది.